కంపెనీ మారిన నెల జీతం ఎక్కడ ఆగింది?

ఉద్యోగం మారిన వాళ్లు కొత్త కంపెనీ పేరోల్ విభాగానికి రాసే ఉత్తరాల్లో తరచూ కనిపించే మాట ఒకటి ఉంది: "నాకు ఒక నెల జీతం రాలేదు." రాసేవాళ్ల వైపు నుంచి చూస్తే అందులో తప్పేమీ లేదు. పాత కంపెనీ నుంచి ఆఖరుగా వచ్చింది జులై జీతం, కొత్త కంపెనీ నుంచి మొదటగా వచ్చింది సెప్టెంబరు జీతం, మధ్యలో ఆగస్టు ఎవరూ వేయలేదు. కానీ ఆ ఉత్తరం అందుకున్నవాళ్ల లెక్కల్లో "ఒక నెల" అనే పద్దు ఉండదు. వాళ్ల దగ్గర ఉండేవి రోజులు. కంపెనీ మారిన నెలలో కొన్ని రోజులు పాత కంపెనీవి, కొన్ని కొత్త కంపెనీవి, మధ్యలో కొన్ని ఎవరివీ కావు. ఈ ముక్కలను విడదీయకుండా నెల మొత్తం రాలేదని రాస్తే చదివినవాళ్లకు ఏం వెతకాలో తెలియదు. రావలసిన డబ్బు న్యాయంగా రావలసిందే అయినా అక్కడే ఆగిపోతుంది.

హైదరాబాద్‌లో ఉద్యోగం మారిన ఒకరి లెక్కను ఉదాహరణగా తీసుకుంటే విషయం తేటపడుతుంది. పాత కంపెనీలో ఆఖరి పనిదినం 2025 ఆగస్టు 14, గురువారం. మర్నాడు స్వాతంత్ర్య దినోత్సవం, ఆపైన శని, ఆదివారాలు. ఆగస్టు 18, సోమవారం పొద్దున కొత్త కంపెనీలో చేరిక. ఆగస్టుకు 31 రోజులు. అందులో 1 నుంచి 14 వరకు పాత కంపెనీ ఇవ్వాలి. 18 నుంచి 31 వరకు మరో 14 రోజులు కొత్త కంపెనీ ఇవ్వాలి. నడుమ ఉన్న 15, 16, 17 తేదీలకు ఎవరూ ఇవ్వరు. పంద్రాగస్టు సెలవు జీతంతో కూడినదే కదా అని చాలామంది అడుగుతారు. ఆ రోజు ఏదో ఒక కంపెనీ హాజరుపట్టీలో పేరు ఉన్నవాళ్లకే అది జీతంతో కూడిన సెలవు. ఈ ఉద్యోగి పేరు ఆ మూడు రోజులు ఏ పట్టీలోనూ లేదు. రాజీనామా మాట్లాడుకునేటప్పుడే ఆఖరి తేదీని 17 అని రాయించుకుని ఉంటే, పాత కంపెనీ ఒప్పుకుంటే, ఆ మూడు రోజులూ దక్కేవి. తరువాత అడిగి తెచ్చుకునే దారి మాత్రం లేదు.

ఇప్పుడు చేతికి డబ్బు వచ్చిన తేదీలు చూస్తే అసలు కష్టం ఎక్కడుందో కనిపిస్తుంది. జులై జీతం జులై 31న పడింది. పాత కంపెనీలో ఆగస్టు 14 వరకు పనిచేసినా ఆ పద్నాలుగు రోజుల జీతం ఆగస్టు నెలాఖరున రాలేదు. రాజీనామా చేసినవాళ్ల ఆఖరి జీతాన్ని మామూలు జీతాల జాబితా నుంచి తీసి, మిగిలిన సెలవుల డబ్బు, నోటీసు రోజుల లెక్క, తిరిగి ఇచ్చిన ల్యాప్‌టాప్ వగైరా అన్నీ తేల్చాక ఒకేసారి ఇచ్చే పద్ధతి చాలా కంపెనీల్లో ఉంది. దాన్నే ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ అంటారు. అది నెలా నెలన్నర పట్టడం మామూలైపోయింది. ఇటు కొత్త కంపెనీలోనూ ఆగస్టు జీతాల జాబితాలోకి పేరు ఎక్కలేదు. అంటే జులై 31 తరువాత మళ్లీ జీతం కళ్లజూసింది సెప్టెంబరు 30నే. రెండు నెలల ఇంటి అద్దె, రెండు నెలల బ్యాంకు వాయిదాలు ఒక నెల జీతం మీద నడవాలి. సెప్టెంబరు 5న ఖాతాలో డబ్బు లేక వాయిదా తిరిగిపోతే బ్యాంకు అపరాధ రుసుము వేస్తుంది, రుణ చరిత్రలో మచ్చ పడుతుంది. పద్నాలుగు రోజుల జీతమే కదా, మెల్లగా వస్తుందిలే అని తేలిగ్గా తీసుకోలేకపోవడానికి కారణం ఇదే.

కొత్త కంపెనీ ఆగస్టులో ఎందుకు వేయలేదో తెలియాలంటే కట్-ఆఫ్ గురించి తెలియాలి. జీతం నెలాఖరున పడినా దాని లెక్క నెలాఖరున తయారవదు. వందల మంది హాజరు, సెలవులు, పన్ను కోతలు, భవిష్యనిధి కోతలు లెక్కకట్టి, పైవాళ్లు సరిచూసి, బ్యాంకుకు ఫైలు పంపడానికి వారం పది రోజులు పడుతుంది. అందుకని నెలలో ఒక తేదీని గీతగా పెట్టుకుంటారు. చాలాచోట్ల అది 20, 25 తేదీల మధ్య ఎక్కడో ఉంటుంది. ఆ తేదీకి ఎవరి వివరాలు సిద్ధంగా ఉంటే వాళ్లకే ఆ నెల జీతం. గీత దాటి వచ్చినవాళ్ల రోజులను వచ్చే నెల జీతంలో బకాయిగా కలుపుతారు. పేస్లిప్‌లో దాని పేరు ఎరియర్స్.

ఇక్కడ ఒక సందు ఉంది. మన ఉదాహరణలో కట్-ఆఫ్ ఆగస్టు 20. చేరింది 18నే, అంటే గీతకు రెండు రోజుల ముందే. అయినా జాబితాలోకి పేరు ఎక్కలేదు. ఎందుకంటే పేరోల్‌కు చేరిన తేదీ ఒక్కటే చాలదు. బ్యాంకు ఖాతా నంబరు, పాన్, ఆధార్, భవిష్యనిధికి సంబంధించిన యూఏఎన్ నంబరు, ఇవన్నీ హెచ్ఆర్ వాళ్లు సరిచూసి పంపాలి. ఆ పని 22న పూర్తయింది. చేరింది ముందే, కాగితాలు అందింది తరువాత. ఇంతవరకు జరిగింది తప్పు కాదు, కంపెనీలన్నింటా ఉన్న పద్ధతే. ఆగస్టు రోజులు సెప్టెంబరు పేస్లిప్‌లో ఎరియర్స్‌గా కనిపించి ఉంటే కథ అక్కడితో ముగిసేది.

సెప్టెంబరు పేస్లిప్‌లో అవి కనిపించలేదు. నెలసరి స్థూల జీతం 62,000 రూపాయలు. బేసిక్ 31,000, ఇంటి అద్దె భత్యం 12,400, స్పెషల్ అలవెన్స్ 18,600. కోతల్లో భవిష్యనిధి 3,720, వృత్తి పన్ను 200. ఖాతాకు చేరింది 58,080. ఒక నెల జీతంగా పైసా తేడా లేదు. చాలామంది పేస్లిప్‌లో చూసేది అడుగున ఉన్న ఈ ఆఖరి అంకెనే. జవాబు మాత్రం పైభాగాన, పేరు, ఎంప్లాయీ కోడ్ పక్కన చిన్న అక్షరాల్లో ఉంది. చేరిన తేదీ: 01-09-2025. దాని కింద పనిదినాలు 30, ఎల్ఓపీ రోజులు 0, ఎరియర్ రోజులు 0.

తప్పు ఆ తేదీలో ఉంది. హెచ్ఆర్ వాళ్ల సాఫ్ట్‌వేర్ ఒకటి, పేరోల్ వాళ్లది ఇంకొకటి. ఒక్కోసారి పేరోల్ పనిని బయటి సంస్థకు అప్పగిస్తారు. కొత్తగా చేరినవాళ్ల జాబితా ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎక్సెల్ షీటుగా వెళ్తుంది. అది ఎక్కించే సమయానికి ఆగస్టు నెల లెక్కలు ముగించి తాళం వేసేశారు. తాళం పడిన నెలలోని తేదీని కొన్ని సాఫ్ట్‌వేర్లు ఒప్పుకోవు. ఎక్కించే మనిషి పని ముందుకు సాగాలని తెరిచి ఉన్న నెలలో మొదటి తేదీని, అంటే సెప్టెంబరు 1ని వేస్తాడు. ఆగస్టు రోజులను ఎరియర్స్‌గా విడిగా చేర్చాలని ఆ క్షణంలో అనుకుంటాడు, తరువాత మరిచిపోతాడు. సాఫ్ట్‌వేర్‌కు మాత్రం ఇక ఈ ఉద్యోగి సెప్టెంబరు 1నే పుట్టాడు. బకాయి ఉందని అది ఎప్పటికీ తనంతట తాను చెప్పదు.

ఇప్పుడు ఉద్యోగి రాసిన మొదటి ఉత్తరం చూడాలి. "సర్, నేను కొత్తగా చేరాను. నాకు ఒక నెల జీతం రాలేదు. దయచేసి త్వరగా చూడండి." మర్యాదకు లోటు లేదు, అబద్ధం లేదు. పేరోల్‌లో దాన్ని తెరిచిన మనిషి ముందు ఆ రోజు ఇలాంటివి చాలా ఉంటాయి. కోడ్ కొట్టి ఉద్యోగి వివరాలు తెరుస్తాడు. చేరిన తేదీ సెప్టెంబరు 1. సెప్టెంబరు జీతం పూర్తిగా వెళ్లింది. బ్యాంకు నుంచి తిరిగి రాలేదు. రావలసిన నెలలేవీ లేవు. "మీ సెప్టెంబరు జీతం 30న జమ అయింది" అని రాసి ఫిర్యాదు మూసేస్తాడు. అతను చూసిన తెర ప్రకారం అతను చెప్పింది నిజం. ఉద్యోగికి మాత్రం తన కష్టార్జితాన్ని కాదన్నట్టు అనిపిస్తుంది. రెండోసారి ఇంకాస్త ఘాటుగా రాస్తే జవాబూ అలాగే వస్తుంది, ఎందుకంటే తెర మీది తేదీ మారలేదు.

అందువల్ల ఉత్తరం చేయవలసిన పని ఆ తేదీ మీద వేలు పెట్టి చూపించడం. ఆఫీసుల్లో ఇవి ఎక్కువగా ఇంగ్లిషులోనే నడిచినా, భాష ఏదైనా సారం ఇలా ఉంటే పని జరుగుతుంది:

"విషయం: 2025 ఆగస్టు 18–31, 14 రోజుల జీతం బకాయి, పేరోల్‌లో చేరిన తేదీ సవరణ

నమస్కారం. నేను 2025 ఆగస్టు 18న చేరాను. నియామక పత్రంలోనూ, హెచ్ఆర్ పోర్టల్‌లోనూ అదే తేదీ ఉంది. సెప్టెంబరు పేస్లిప్‌లో మాత్రం చేరిన తేదీ 01-09-2025 అని, ఎరియర్ రోజులు 0 అని వచ్చింది. ఆగస్టు 18 నుంచి 31 వరకు 14 రోజుల జీతం ఆగస్టులోగానీ సెప్టెంబరులోగానీ నా ఖాతాకు రాలేదు.

ఆగస్టు 1 నుంచి 14 వరకు పాత కంపెనీలో పనిచేశాను. ఆ జీతం వాళ్ల ఫుల్ అండ్ ఫైనల్‌లో రావాలి. దాన్ని ఇక్కడ అడగడం లేదు.

చేరిన తేదీని ఆగస్టు 18గా సరిచేసి, 14 రోజుల జీతం చెల్లించగలరు. అక్టోబరు జీతం వరకు ఆగకుండా విడిగా వేసే వీలుంటే ఏ తేదీకి వేస్తారో తెలియజేయగలరు. రోజు జీతం ఏ లెక్కన కడతారో కూడా చెప్పగలరు.

జతచేసినవి: నియామక పత్రం మొదటి పేజీ, సెప్టెంబరు పేస్లిప్, ఆగస్టు 18 నుంచి 31 వరకు హాజరు వివరం."

ఇందులో పాత కంపెనీ గురించిన రెండు వాక్యాలు అనవసరం అనిపించవచ్చు. నిజానికి ఉత్తరానికి బలం అక్కడే ఉంది. కంపెనీ మారినవాళ్ల నుంచి ఆగస్టు జీతం రాలేదని ఉత్తరం వస్తే పేరోల్ వాళ్లకు మొదట కలిగే అనుమానం, పాత కంపెనీ ఇవ్వాల్సినది మమ్మల్ని అడుగుతున్నారేమోనని. ఆ అనుమానాన్ని ముందే తీసేస్తే ఒక ప్రశ్న, దానికి జవాబు, మధ్యలో మూడు రోజులు తగ్గుతాయి. అలాగే తేదీ సవరణనూ డబ్బునూ రెండింటినీ అడగడం అవసరం. డబ్బు మాత్రమే అడిగితే "ఇతర చెల్లింపు" అని ఒక పద్దు కింద వేసి పంపేస్తారు, తేదీ అలాగే ఉండిపోతుంది. అప్పుడు భవిష్యనిధి సభ్యత్వం, సెలవుల లెక్క, గ్రాట్యుటీకి లెక్కించే సర్వీసు, అన్నీ పద్నాలుగు రోజులు ఆలస్యంగా మొదలైనట్టు నమోదవుతాయి. గ్రాట్యుటీకి ఐదేళ్లు నిండాలన్న నిబంధన కిందకు వచ్చేవాళ్లకు ఆ పద్నాలుగు రోజులే ఒకనాడు అడ్డం రావచ్చు.

ఉత్తరాన్ని ఆఫీసు మెయిల్ నుంచి గానీ, కంపెనీ పెట్టిన ఫిర్యాదుల పోర్టల్ నుంచి గానీ పంపాలి. జీతం వెళ్లే బ్యాంకు ఖాతాను మార్చమని ఉద్యోగుల పేరుతో దొంగ మెయిళ్లు పంపి డబ్బు కాజేసే మోసాలు ఉన్నాయి. అందుకని బయటి మెయిల్ నుంచి వచ్చిన జీతం ప్రశ్నలకు పేరోల్ వాళ్లు జవాబివ్వరు, ఇవ్వకపోవడమే మంచిది. బ్యాంకు స్టేట్‌మెంట్ అడిగితే ఆ రెండు నెలల పేజీలు చాలు, మిగతా లావాదేవీలు మూసేసి పంపవచ్చు.

రోజు జీతం ఏ లెక్కన కడతారని అడగడానికి కారణం ఉంది. ఈ పద్నాలుగు రోజులకు ఎంత రావాలన్నది కంపెనీ పద్ధతిని బట్టి మారుతుంది. నెలలో ఉన్న రోజులతో భాగించే పద్ధతిలో 62,000ను 31తో భాగిస్తే రోజుకు 2,000. పద్నాలుగు రోజులకు 28,000. ప్రతి నెలనూ 30 రోజులుగా పట్టే కంపెనీలో అదే పద్నాలుగు రోజులకు 28,933 వస్తుంది. ఇంకొన్ని చోట్ల ఆదివారాలు తీసేసి 26 రోజులతో భాగిస్తారు, అప్పుడు పనిదినాలనే లెక్కించాలి. ఏ పద్ధతైనా సరే, భాగించేదీ గుణించేదీ ఒకే పద్ధతిలో ఉండాలి. 31తో భాగించి, ఆదివారాలు తీసేసిన రోజులతో గుణిస్తే ఉద్యోగి నష్టపోతాడు.

మన ఉదాహరణలో కంపెనీ నెల రోజులతో భాగిస్తుంది. బేసిక్‌లో 14 రోజుల వంతు 14,000, అద్దె భత్యంలో 5,600, స్పెషల్ అలవెన్స్‌లో 8,400. మొత్తం 28,000. ఈ కంపెనీ భవిష్యనిధిని పూర్తి బేసిక్ మీద 12 శాతం కోస్తుంది కాబట్టి 14,000 మీద 1,680 పోతుంది. తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ నెలకు 20 వేలు దాటిన జీతానికి వృత్తి పన్ను 200. ఆగస్టుకు అది విడిగా పడుతుంది. ఈ జీతం స్థాయిలో కొత్త పన్ను విధానంలో ఆదాయపు పన్ను లేదు. చేతికి రావలసింది 26,120 రూపాయలు. ఈ అంకె ముందే తెలిసి ఉంటే, వచ్చిన డబ్బు సరిపోయిందో లేదో వచ్చిన రోజే తెలుస్తుంది. 31,000 రావాలనుకుని, 26 వేలు చూసి మళ్లీ ఫిర్యాదు రాయడం ఉండదు.

పేరోల్ వాళ్లు ఈ సందర్భంలో పాత కంపెనీ జీతం వివరాలు అడిగితే అది బకాయికి అడ్డుపుల్ల కాదు, పన్ను కోసం. అదే ఆర్థిక సంవత్సరంలో పాత కంపెనీ ఎంత ఇచ్చింది, ఎంత పన్ను కోసింది అనేది 2025–26లో ఫారం 12బి అనే కాగితంలో రాసివ్వాలి. అది ఇవ్వకపోతే 75 వేల స్టాండర్డ్ డిడక్షన్‌ను రెండు కంపెనీలూ వేర్వేరుగా తీసేసి, ఇద్దరూ పన్ను తక్కువే కోస్తారు. జీతం ఎక్కువగా ఉన్నవాళ్లకు ఆ తేడా రిటర్ను వేసేటప్పుడు ఒకేసారి మీదపడుతుంది.

చేరిన తేదీ సరిగానే ఉండి, డబ్బు మాత్రం రాకపోతే వెతకవలసిన చోటు వేరు. పేస్లిప్‌లో తేదీ 18-08-2025 అనే ఉంది, కానీ ఎల్ఓపీ రోజులు 14 అని పడింది అనుకుందాం. జీతం లేని సెలవు అని దాని అర్థం. చేరిన కొత్తలో గుర్తింపు కార్డు చేతికి రాక, వేలిముద్ర యంత్రంలో పేరు ఎక్కక, ఉద్యోగి రోజూ రిసెప్షన్ రిజిస్టరులో సంతకం పెట్టి లోపలికి వెళ్తాడు. శిక్షణ వేరే భవనంలో జరిగితే ఆ సంతకమూ ఉండదు. యంత్రం దృష్టిలో అతను ఆ రెండు వారాలూ రాలేదు. అప్పుడు ఉత్తరం పేరోల్‌కు రాస్తే ఉపయోగం లేదు. మేనేజరు హాజరు పోర్టల్‌లో ఆ రోజులను సరిదిద్ది ఆమోదించాలి, ఆ ఆమోదం తరువాతి కట్-ఆఫ్‌కు ముందే పేరోల్‌కు చేరాలి. శిక్షణ ఇచ్చినవాళ్ల హాజరు పట్టిక, ఆ రోజుల్లో ఆఫీసు మెయిల్ నుంచి వెళ్లిన ఉత్తరాలు ఇందుకు సాక్ష్యం.

ఇంకొకటి, పేస్లిప్‌లో ఎరియర్స్ కనిపించి ఖాతాలో కనిపించకపోవడం. అప్పుడు అడగవలసింది యూటీఆర్ నంబరు. బ్యాంకుల మధ్య జరిగే ప్రతి చెల్లింపుకూ ఒక యూటీఆర్ ఉంటుంది. దాన్ని చూపితే సొమ్ము ఎక్కడి దాకా వచ్చిందో మన బ్యాంకు చెప్పగలదు. తెలుగు రాష్ట్రాల్లో ఇది తరచుగా తగిలే చోటు ఒకటి ఉంది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. ANDB0తో మొదలయ్యే పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లు పోయి, UBIN0తో మొదలయ్యేవి వచ్చాయి. 2025లో గ్రామీణ బ్యాంకుల విలీనాలూ జరిగాయి. పాత పాస్‌బుక్ మొదటి పేజీని ఫొటో తీసి కొత్త కంపెనీకి ఇస్తే పాత కోడే వెళ్తుంది. అలాంటి చెల్లింపు దారిలో తిరిగిపోయి కంపెనీ ఖాతాకే చేరుతుంది. తిరిగి వచ్చిన సొమ్మును పేరోల్ వాళ్లు మళ్లీ పంపాలి, అది వాళ్లంతట వాళ్లు గమనిస్తారన్న హామీ లేదు.

ఖాతా నంబరులో ఒక అంకె తప్పుపడడం ఇంతకంటే ప్రమాదం. నెఫ్ట్ చెల్లింపులో డబ్బు జమ చేసేది ఖాతా నంబరు ఆధారంగానే, పేరు చూసి కాదు. ఆ తప్పు నంబరు వేరొకరి ఖాతాది అయితే సొమ్ము వాళ్లకు పోతుంది. కంపెనీ పుస్తకాల్లో మాత్రం జీతం చెల్లించినట్టే ఉంటుంది. కాబట్టి జీతం వేశామన్న జవాబు వస్తే, ఏ ఖాతా నంబరుకు వేశారో ఆఖరి నాలుగు అంకెలైనా అడిగి సరిచూసుకోవాలి.

ఉత్తరానికి జవాబు ఎప్పటిలోగా రావాలన్నది కంపెనీ సంప్రదాయం మీద వదిలేసిన విషయం కాదు. మన ఉదాహరణ జరిగిన నాటికి అమల్లో ఉన్న 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం నెలకు 24 వేల వరకు జీతం ఉన్నవాళ్లకే వర్తించేది. 62 వేల జీతగాడు దాని కిందకు రాడు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ఈ పరిమితిని తీసేసింది. నెల జీతం తరువాతి నెల 7వ తేదీ దాటకుండా ఇవ్వాలి. రాజీనామా చేసి వెళ్లేవాళ్లకు రావలసిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. కట్-ఆఫ్ దాటిందన్న కారణానికి ఈ గడువులో మినహాయింపు ఏదీ రాసిలేదు. అంటే ఈ రోజున ఒకరు ఆగస్టు 18న చేరితే, ఆ పద్నాలుగు రోజుల జీతానికి గడువు సెప్టెంబరు 7. కొత్తవాళ్ల రోజులను నెలపాటు ఆపి కలపడమనే పాత అలవాటు ఈ గడువుకు సరిపడదు. పాత కంపెనీ నెలన్నర పట్టించే ఫుల్ అండ్ ఫైనల్‌లో జీతం భాగం కూడా అంతే. జులై నుంచి సెప్టెంబరు దాకా జీతం లేకుండా నెట్టుకొచ్చే ఆ రెండు నెలలను చట్టం ఇలా రెండు వైపుల నుంచీ కుదించింది. ఇది ఉద్యోగులు గట్టిగా పట్టుకోవలసిన మార్పు.

అయినా మొదటి ఉత్తరంలోనే చట్టం సెక్షన్లు రాయాల్సిన పని లేదు. తప్పు తేదీని చూపిస్తే సరిదిద్దేవాళ్లే ఎక్కువ. వారం పది రోజుల్లో జవాబు లేకపోతే అదే ఉత్తరం కింద, పాత తేదీలన్నీ కనిపించేలా, హెచ్ఆర్ మేనేజరును కలిపి మళ్లీ రాయాలి. ఈసారి 7వ తేదీ గడువును ఒక వాక్యంలో గుర్తుచేయవచ్చు. ప్రతిసారీ కొత్త ఉత్తరం మొదలుపెడితే ఎప్పటి నుంచి అడుగుతున్నారో రుజువు ఉండదు. అప్పటికీ కదలకపోతే కార్మిక శాఖ అధికారికి దరఖాస్తు చేయవచ్చు. కోడ్ ప్రకారం ఆ క్లెయిముకు మూడేళ్ల గడువు ఉంది. బకాయితో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం ఇప్పించే అధికారం కూడా క్లెయిము విచారించే అధికారికి ఉంది. పాత కంపెనీ ఇవ్వని పద్నాలుగు రోజులకూ దారి ఇదే, ఉత్తరం మాత్రం అక్కడి పేరోల్‌కు రాయాలి. ఆఫీసు మెయిల్ మూసేసి ఉంటారు కాబట్టి రిలీవింగ్ లెటర్ పంపిన చిరునామాకు, పాత ఎంప్లాయీ కోడ్ రాసి, సొంత మెయిల్ నుంచి పంపాలి.

మన ఉదాహరణలోని ఉద్యోగి రెండో ఉత్తరం అక్టోబరు మొదటి వారంలో వెళ్లింది. తేదీ సవరించారు, బకాయి అక్టోబరు జీతంతో వచ్చింది. ఆ పేస్లిప్‌లో చూడవలసినవి కొన్నే. చేరిన తేదీ దగ్గర 18-08-2025 ఉండాలి. ఎరియర్ రోజులు 14 ఉండాలి. ఎరియర్స్ మొత్తం ఒకే ముద్దగా కాక బేసిక్, అద్దె భత్యం, స్పెషల్ అలవెన్స్ కింద విడివిడిగా 14,000, 5,600, 8,400గా పడాలి. ఒకే ముద్దగా స్పెషల్ అలవెన్స్‌లో వేస్తే దాని మీద ఈ కంపెనీ భవిష్యనిధి కోయదు. చేతికి 1,680 ఎక్కువ వచ్చి సంతోషంగా ఉంటుంది గానీ, కంపెనీ తన వంతుగా వేయవలసిన అంతే మొత్తం పోతుంది.

మిగిలింది భవిష్యనిధి పాస్‌బుక్. కంపెనీలు ఒక నెల చందాలను తరువాతి నెల 15లోగా కట్టాలి. కాబట్టి అక్టోబరు జీతంతో వచ్చిన బకాయి చందా నవంబరు మూడో వారానికల్లా యూఏఎన్‌తో తెరిచే పాస్‌బుక్‌లో కనిపించాలి. కొత్త కంపెనీ పేరు కింద సభ్యుడు చేరిన తేదీ ఆగస్టు 18గా, 14,000 బేసిక్ మీద ఉద్యోగి వంతు 1,680గా నమోదై ఉందో లేదో చూసుకోవాలి. పేరోల్‌లో తేదీ మారినంత మాత్రాన భవిష్యనిధి కార్యాలయంలో మారదు. సెప్టెంబరు 1 అని ముందే పంపిన తేదీని అక్కడ విడిగా సవరించాలి. పాత కంపెనీ ఖాతా దగ్గర వెళ్లిపోయిన తేదీ ఆగస్టు 14గా పడిందో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి. ఆ తేదీ పడకపోతే పాత ఖాతాలోని సొమ్మును కొత్త ఖాతాకు మార్చుకునేటప్పుడు దరఖాస్తు అక్కడే ఆగుతుంది.